పద్నాలుగో తేదీ హాజరు

ఫిలిప్‌ని మట్టి చేసి రెండు వారాలు కావస్తోంది. ఈ రెండు వారాల్లో తమ్ముడు చనిపోయాడన్న మాట జక్కయ్య ఎవరితోనూ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. అందరికీ తెలుసు. వచ్చినవాళ్లు వాళ్లే చెప్పుకున్నారు, వాళ్లే ఏడ్చారు, వాళ్లే లేచి వెళ్లారు. జక్కయ్య ఎవరేం పెడితే అది తిన్నాడు, పడుకోమన్నప్పుడు పడుకున్నాడు. కాలికి తిమ్మిరెక్కితే నేల మీద ఆనించినా ఆనినట్టుండదు చూడండి, ఒళ్లంతా అలా ఉంది.

ఆ బుధవారం పొద్దున సింధూరి వచ్చి, "జక్కయ్యగారూ, బ్యాంకుకి వెళ్లాలండీ, మీ సంతకం కావాలి" అంది. పద అన్నాడు. చొక్కా తొడుక్కున్నాడు. కంకిపాడు దాకా ఆటో, అక్కణ్ణించి బెజవాడ బస్సు. వెంకటకృష్ణారావు దారిలో ఎక్కాడు.

ఆ ఊళ్లో రైతులంతా కలిసి పెట్టుకున్న కంపెనీకి ఐదుగురు డైరెక్టర్లు. ఫిలిప్ చైర్మను. జక్కయ్య, వెంకటకృష్ణారావు, వెంకటరత్నమ్మ, శౌరయ్య మిగతావాళ్లు. సింధూరి జీతానికి పనిచేసే మేనేజరు. వ్యవసాయం చదివిన పిల్ల, నోట్లో మాట నోట్లో ఉండగానే పని చేసేస్తుంది. మినుము శుద్ధిచేసే యంత్రానికీ, సిమెంటు కళ్లానికీ ఫిలిప్ మూడేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఆఖరికి మంజూరయింది. కాకపోతే దానికంటూ విడిగా ఒక బ్యాంకు ఖాతా ఉండాలి, ఖాతా తెరవమని ఇచ్చిన కాగితాలకు బ్యాంకువాళ్ల రసీదైనా ఫిబ్రవరి నెలాఖరులోగా దాఖలు చెయ్యాలి. లేకపోతే యంత్రం వరసలో తర్వాత ఉన్న వేరే ఊరికి పోతుంది. ఆఖరి రోజు శనివారం. నాలుగో శనివారం గనక బ్యాంకుకు సెలవు. అంటే శుక్రవారమే గడువు.

కంపెనీ ఖాతా తెరవాలంటే మనిషి వెళ్లి నేను ఫలానా అంటే చాలదు. డైరెక్టర్లు బోర్డు మీటింగులో కూర్చుని, ఫలానా బ్యాంకులో ఖాతా తెరుస్తున్నాం, దాని మీద ఫలానావాళ్లు సంతకాలు పెడతారు అని తీర్మానం చెయ్యాలి. ఆ తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఎక్కాలి. ఆ ముక్క మట్టుకు కంపెనీ లెటర్‌హెడ్ మీద దించి, కింద 'సర్టిఫైడ్ ట్రూ కాపీ' అని రాసి ఒక డైరెక్టరు సంతకం పెట్టి బ్యాంకుకివ్వాలి.

ఆ పని తొమ్మిదో తేదీనే అయింది. ఫిలిప్ వరండాలో ఐదుగురూ కూర్చున్నారు. ఫిలిప్, సింధూరి ఇద్దరూ కలిసి సంతకాలు పెట్టాలని తీర్మానించారు. పదకొండో తేదీ పొద్దున మినపచేలో గట్టు మీద కూర్చున్న ఫిలిప్ కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. పన్నెండున మట్టి. ఇప్పుడు కొత్త తీర్మానం కావాలి. ఫిలిప్ పేరు తీసి వెంకటకృష్ణారావు పేరు పెట్టాలి. గవర్నరుపేటలో కంపెనీ కాగితాలు చూసే ఆడిటరు దగ్గర చక్రి అని ఒకడున్నాడు. అతనే అన్నీ తయారుచేసి ఫైలు పంపించాడు.

బ్యాంకులో శాలిని అనే ఆఫీసరమ్మ ఫైలు విప్పింది. ఫారాలు, ఫొటోలు, ఆధార్ నకళ్లు ఒక్కొక్కటే తిప్పి టిక్కు పెట్టుకుంటూ పోయింది. ఆఖరున లెటర్‌హెడ్ కాగితం జక్కయ్య ముందుకు జరిపింది.

"ఇక్కడ సంతకం, పేరు, మీ డైరెక్టరు నంబరు, ఈ రోజు తేదీ రాయండి సార్. కంపెనీ స్టాంపు వెయ్యండి. రావుగారివీ, సింధూరిగారివీ నమూనా సంతకాల పక్కన కూడా మీరే ఒక సంతకం."

"నేనే ఎందుకమ్మా?" అన్నాడు జక్కయ్య. బస్సెక్కాక ఆయన ఆడిన మొదటి మాట అదే.

"ఖాతా నడిపేది వాళ్లిద్దరూ కదండీ. వాళ్లకి వాళ్లే సర్టిఫై చేసుకుంటే మా బ్రాంచిలో తీసుకోం. మూడో మనిషి, డైరెక్టరయినవాళ్లు చెయ్యాలి."

"చెయ్యడమంటే?"

వెంకటకృష్ణారావు నవ్వాడు. "సంతకం పెట్టడమయ్యా బాబూ. పెళ్లిచూపులా ఏవన్నానా, ఇన్ని ప్రశ్నలు?"

శాలిని నవ్వలేదు. "అసలు తీర్మానం మీ మినిట్స్ పుస్తకంలో ఉంటుంది సార్. ఈ కాగితాన్ని దాంతో పోల్చి చూశాను, అందులో ఉన్నదే ఇందులో ఉంది అని మీరు మాకు మాటిస్తున్నట్టు. పుస్తకం మేం చూడం. మీ మాటే మాకు పుస్తకం." అంటూనే ఆధార్ నకలు ఒకటి సరిగ్గా పడలేదని, మళ్లీ తీయించడానికి లేచి వెళ్లింది.

జక్కయ్య జేబులోంచి చీటీ తీశాడు. ఆయన డైరెక్టరు నంబరు దాని మీద ఉంది. ఎనిమిది అంకెలు. 'నోటికి రాదు నీకు, జేబులో పెట్టుకో అన్నయ్యా' అని ఫిలిప్ రాసిచ్చిన చీటీ. మడత దగ్గర చిరిగితే జక్కయ్యే సోడాకంపెనీ లేబులు పెట్టి అతికించాడు. చీటీ పక్కన పెట్టుకుని కలం తీశాడు. కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆయన చదివింది మూడో తరగతి, అదీ తెలుగు. కానీ అంకెలు ఏ భాషలోనైనా అంకెలే. పైన తేదీ పద్నాలుగు అని ఉంది.

పద్నాలుగున తనెక్కడున్నాడు? ఫిలిప్ ఇంట్లో ఆదరణ కూడిక. పాస్టరుగారు వాక్యం చదువుతుంటే గోడకానుకుని కూర్చున్నాడు. మీటింగు ఏమీ లేదు.

ఫైల్లో ఆ కాగితం వెనక ఇంకోటి కనబడింది. కంపెనీ ఆఫీసులో ఉంచుకోవాల్సిన హాజరు పట్టీ. దాని మీద ఐదు సంతకాలు. మూడోది తనది. మొదటిది ఫిలిప్‌ది. పెద్ద 'ఫ' కింద కొక్కెంలా తిప్పి ముందుకు లాగేసే సంతకం. తేదీ దగ్గర వేరే సిరాతో పద్నాలుగు అని ఉంది.

జక్కయ్య దాన్ని చూస్తూ ఉండిపోయాడు. గుండె ఝల్లుమనలేదు. పట్టీ మూలన ఎండిన బురద వేలిముద్ర ఉంది, దాన్ని గోటితో గీకి చూశాడు.

"సింధూరమ్మా. ఈ మీటింగుకి ఎవరెవరొచ్చారో చదువు."

సింధూరి ఫోనులోంచి తలెత్తి కాగితం తీసుకుంది. ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పుకుంటూ పోయింది. "ఫిబ్రవరి పద్నాలుగో తేదీ ఉదయం పదకొండు గంటలకు కంపెనీ రిజిస్టర్డు ఆఫీసులో జరిగిన బోర్డు మీటింగు... హాజరైనవారు, ఫిలిప్, చైర్మన్, అధ్యక్షత..." అక్కడ ఆగిపోయింది.

టోకెను నంబర్లు పిలిచే యంత్రం పిలుస్తూనే ఉంది.

బయట మెట్ల మీదికి వచ్చి సింధూరి చక్రికి ఫోను చేసింది. అందరికీ వినపడేలా పెట్టింది.

"అయ్యో మేడం! పాత ఫైలే కాపీ చేశానండీ. తేదీ మార్చా, సంతకందార్ల పేర్లు మార్చా. పైన హాజరు మార్చడం మర్చిపోయా. పది నిమిషాలు, పెద్దాయన పేరు తీసేసి మెయిల్ పెడతా, అక్కడే ఎక్కడైనా ప్రింటు తీసుకోండి."

"మరి హాజరు పట్టీ?"

"అది మీవాళ్లు పోయిన జూన్‌లో సంతకాలు పెట్టిచ్చిన ఖాళీ పట్టీల్లోది మేడం. ఇంకా మూడున్నాయి నా దగ్గర. అది బ్యాంకుకి ఇవ్వక్కర్లేదు, లోపల ఫైల్లో పడుంటది."

జక్కయ్య ఫోను దగ్గరకు వంగాడు. "పేరు తీసేస్తే మీటింగు జరిగినట్టవుద్దా బాబూ?"

అవతల చక్రి కాస్త తడబడ్డాడు. "తాతగారూ, అన్ని కంపెనీలూ ఇట్టాగేనండీ. సంతకాలు మీరే ఇచ్చారు కదండీ."

"ఇచ్చాం" అన్నాడు జక్కయ్య.

ఇచ్చిన మాట నిజమే. నాట్ల రోజులు. మీటింగంటే ఒక్కళ్లూ గట్టెక్కి రారు. ఫిలిప్పే చక్రిని పొలానికి పిలిపించి, 'ఊడుపుల్లో మీటింగులేంట్రా, ఓ పది పట్టీలు తే, పెట్టిస్తాం' అన్నాడు. నారుమడిలో చేతులు కడుక్కుని, బండి సీటు మీద కాగితాలు పెట్టి, ఒకళ్ల వెనక ఒకళ్లు పెట్టేశారు. ఆ బురద వేలు ఎవరిదో.

వెంకటకృష్ణారావు జక్కయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "చూడు జక్కయ్యా. వాడి మూడేళ్ల కష్టం ఇది. పేరు తీయించి సంతకం పెట్టు, పనైపోద్ది. యంత్రం వస్తే వాడి ఆత్మకే శాంతి."

"ఎప్పుడు జరిగిందంటే ఏం చెప్తాం రావుగారూ?"

"ఎవరడుగుతారయ్యా? ఆ అమ్మాయి అడిగిందా? మూడో క్లాసు చదివి మాకు లా పాయింట్లు చెప్తున్నావే!"

"చదువుకోలేదు గనకే అడుగుతున్నా."

నిజం చెప్పాలంటే జక్కయ్యకు సంతకం పెట్టేద్దామనే ఉంది. పేరు తీయించి కాదు, ఉన్నది ఉన్నట్టుగా. ఆ కాగితంలో పద్నాలుగో తేదీన ఫిలిప్ వచ్చాడు. పదకొండు గంటలకు కుర్చీలో కూర్చున్నాడు. అధ్యక్షత వహించాడు. కింద తను ఒక్క గీత గీస్తే అది నిజమని బ్యాంకు ఒప్పుకుంటుంది, ప్రభుత్వం ఒప్పుకుంటుంది. తమ్ముడికి మూడు రోజులు కలిసొస్తాయి. అలా అనుకుంటూ మెట్ల మీద చాలాసేపు నిలబడ్డాడు. ఆ అమ్మాయి అన్న మాటే మళ్లీ మళ్లీ వచ్చింది. మీ మాటే మాకు పుస్తకం.

"పుస్తకం ఎక్కడుందమ్మా?" అన్నాడు.

"ఆఫీసు బీరువాలో ఉందండీ."

"దాంట్లో ఆఖరిది ఏ తేదీ?"

"తొమ్మిది."

"మరి నేను దేంతో పోల్చాను?"

జక్కయ్య కలం మూత పెట్టి, చీటీని జేబులో వేసుకున్నాడు. "మీటింగు పెట్టు. రేపే పెట్టు."

"ఏడు రోజుల ముందు నోటీసివ్వాలండీ మనకి."

"అంత టైము లేదుగా."

సింధూరి ఆలోచించింది. "తక్కువ నోటీసుతో పెట్టుకోవచ్చు. కాకపోతే ఎందుకు పెట్టామో కారణం బోర్డు రాసి పెట్టాలి."

"రాద్దాం."

బస్సు దిగేటప్పుడు వెంకటకృష్ణారావు, "శుక్రవారం బస్సుకి టైరు పంక్చరైతే యంత్రం పోయినట్టే. అప్పుడు నీ సత్యం పెట్టి మినుము చెరుగుదాం" అన్నాడు. జక్కయ్య సరేనన్నట్టు తలూపాడు.

ఆ సాయంత్రమే సింధూరి నోటీసులు కాగితం మీద రాసి నలుగురి ఇళ్లకూ తిరిగి ఇచ్చి సంతకాలు తీసుకుంది.

కంపెనీ రిజిస్టర్డు ఆఫీసంటే ఫిలిప్ ఇంటి ముందు గదే. కంపెనీ పేరూ నంబరూ రాసిన బోర్డు గుమ్మం పక్కన వేలాడుతూ ఉంటుంది. ఆదరణ కూడిక తర్వాత జక్కయ్య ఆ గడప తొక్కలేదు. గురువారం పదకొండు గంటలకు వెళ్లాడు. ఫిలిప్ భార్య హెప్సిబా కుర్చీలు వేస్తోంది. ఈస్టరు ముందు శ్రమల దినాలు గనక కాఫీ టీలు మానేసినట్టుంది, మంచినీళ్ల చెంబు పెట్టింది.

"రండి బావగారూ. ఫ్యాను కింద కూర్చోండి."

"నువ్వు తిన్నావా?"

"ఆఁ. తింటున్నాను."

ఆమె ఆరు కుర్చీలు వేసింది. ఒకటి ఎక్కువైందని ఎవరూ అనలేదు. శౌరయ్య తన సంచీ దాని మీద పెట్టబోయి కింద పెట్టుకున్నాడు.

సింధూరి ల్యాప్‌టాపు తెరిచింది. అలవాటు ప్రకారం లిస్టు పైనుంచి చదివింది. "ఫిలిప్ గా..." అని నాలిక కరుచుకుంది. గదిలో అందరూ నేల చూశారు. హెప్సిబా తలుపు దగ్గర నిలబడి ఉంది.

పిలిచిన పేరుకు ఎవరో ఒకరు పలకాలి. లేకపోతే ఆ పేరు అలాగే వేలాడుతూ ఉంటుంది.

"లేడు" అన్నాడు జక్కయ్య. తర్వాత, "చనిపోయాడు. పదకొండో తేదీన చనిపోయాడు. అట్టా రాయి" అన్నాడు.

గొంతు మామూలుగానే వచ్చింది. తన గొంతు కానట్టు, పక్క గదిలోంచి ఎవరో అన్నట్టు వినపడింది. సింధూరి టైపు చేసింది. హెప్సిబా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లింది.

"మిగతా నలుగురూ ఉన్నాం. ముగ్గురుంటే చాలు కదా?" అన్నాడు శౌరయ్య.

"చాలండీ. ఈ మీటింగుకి అధ్యక్షత ఎవరు?"

"రత్నమ్మక్క కూర్చోవాలి" అన్నాడు శౌరయ్య.

"నేనా! నాకు అధ్యక్షతలూ అవీ తెలవ్వు" అంది వెంకటరత్నమ్మ.

"మొన్న కాలవ కాడ నీళ్లొదిలే లస్కరుని నిలబెట్టి కడిగేశావ్, అదేంటి మరి? అధ్యక్షతే గదా" అన్నాడు వెంకటకృష్ణారావు. ఆమె నవ్వుకుంటూ కుర్చీ మధ్యకు జరుపుకుంది.

తక్కువ నోటీసుతో మీటింగు పెట్టడానికి కారణం: చైర్మన్ ఫిలిప్ గారు మరణించడం, బ్యాంకు ఖాతాకు గడువు దగ్గరపడటం. అది రాశారు. సంతాపం రాశారు. ఆ పైన తీర్మానం. తొమ్మిదో తేదీ తీర్మానం రద్దు చేస్తూ, ఖాతా తెరవాలి, వెంకటకృష్ణారావు, సింధూరి ఇద్దరూ కలిసి సంతకం చేస్తేనే చెల్లాలి, ఒక్కరిది చెల్లదు. నలుగురూ సరేనన్నారు. ఖాళీ అయిన డైరెక్టరు చోటు సంగతి తర్వాత చూద్దామన్నారు.

మినిట్స్ పుస్తకంలోకి చేరే, పేజీ నంబరున్న విడి కాగితం మీదే ప్రింటు తీశారు. అధ్యక్షురాలిగా వెంకటరత్నమ్మ ప్రతి పేజీ మూలా పొడి సంతకం, ఆఖరున నిండు సంతకం చేసింది. అప్పుడు తీర్మానం మట్టుకు లెటర్‌హెడ్ మీద దించి జక్కయ్య ముందు పెట్టింది సింధూరి.

"నువ్వు పుస్తకంలోది చదువమ్మా. రావుగారూ, మీరు కాగితంలోది చదవండి. ఒక మాట తను, అదే మాట మీరు."

"ఏంటయ్యా, మాకు పరీక్షా ఇది?"

"పొలం రిజిస్ట్రేషనప్పుడు మా నాయన అట్టాగే చదివించేవాడు."

చదివారు. సింధూరి ఒక ముక్క, వెంకటకృష్ణారావు అదే ముక్క. ఇంగ్లీషు మాటలు గదిలో రెండేసి సార్లు పడ్డాయి. జక్కయ్యకు అర్థం కాకపోయినా రెండు గొంతుల్లో ఒకే మోత వస్తోందా లేదా అన్నది తెలుస్తుంది. ఒకచోట వెంకటకృష్ణారావు ఆగాడు. పుస్తకంలో ఆయన ఇంటిపేరు నిండుగా ఉంది, కాగితంలో మొదటి అక్షరమే ఉంది. సింధూరి దిద్ది మళ్లీ ప్రింటు తీసింది. "ఇది బ్యాంకులో పట్టుకుంటే మళ్లీ తిప్పేవాళ్లు" అన్నాడాయన, జక్కయ్య వైపు చూడకుండా.

చక్రి దగ్గర్నించి తెప్పించిన పాత పట్టీలు బల్ల మీద ఉన్నాయి. పద్నాలుగో తేదీదొకటి, తేదీ లేనివి మూడు. చింపేద్దామన్నాడు శౌరయ్య. జక్కయ్య వద్దన్నాడు. స్కేలు అడిగి తీసుకుని నాలుగింటి మీదా ఈ మూల నుంచి ఆ మూలకు రెండేసి గీతలు గీశాడు. గీత తన సంతకం మీదుగా వెళ్లింది, ఫిలిప్ సంతకం మీదుగానూ వెళ్లింది. నాలుగు ఫిలిప్‌లు. కలం ఎక్కడా తట్టుకోలేదు. చేతికి ఏమీ తెలియలేదు. మధ్యలో 'రద్దు' అని తెలుగులో రాసి ఫైల్లో పెట్టమన్నాడు.

శుక్రవారం బస్సుకు ఏ పంక్చరూ కాలేదు.

శాలిని కొత్త కాగితం తీసుకుని చదివింది. తొమ్మిదో తేదీ తీర్మానం ఎందుకు రద్దయిందో ఉన్నచోట వేలు ఆగింది. "అయ్యో. ఫిలిప్ గారు పోయారా? మొదటిసారి ఫారాలకు ఆయనే వచ్చారు. ఈ కుర్చీలోనే కూర్చున్నారు. మీకేమవుతారు సార్?"

"తమ్ముడు."

"సారీ సార్." ఆమె కాగితం ఆయన ముందుకు జరిపింది. "పోల్చి చూశారు కదా?"

"చూశానమ్మా."

సంతకం పెట్టాడు. కింద పేరు రాశాడు. డైరెక్టరు అని రాశాడు. నంబరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి జేబు వైపు వెళ్లింది. వెళ్లినది అక్కడే ఆగింది. సున్నాతో మొదలుపెట్టి ఎనిమిది అంకెలూ వరసగా రాసేశాడు. తేదీ ఇరవై ఏడు వేశాడు. సింధూరి స్టాంపు వేసింది.

శాలిని ఫైలు మూసింది. "సరిపోయింది సార్. రసీదు ఇప్పుడే ఇస్తాను, ఈ రోజే దాఖలు చేసుకోండి. వెరిఫికేషన్ అయ్యాక ఖాతా నంబరు వస్తుంది."

మెట్లు దిగుతుంటే వెంకటకృష్ణారావు, "టీ తాగుదాం పద" అన్నాడు. బండి దగ్గర నిలబడ్డారు. గ్లాసు వేడిగా ఉంది. జక్కయ్య వెంటనే పట్టుకోలేక చెయ్యి మార్చుకున్నాడు.

"కాలిందా?" అన్నాడు వెంకటకృష్ణారావు.

"ఆఁ" అన్నాడు.

చీటీ జేబులోనే ఉంది. దాంతో ఇక పని లేదు. ఉండనిచ్చాడు.